స్టేషన్ డంప్‌లో 172 శాతం రీట్రై: ఈ లెక్క ఎలా చదవాలండీ?

భీమవరం శ్రీను

అందరికీ నమస్కారం. భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసులో సిస్టమ్స్ పని చూస్తుంటానండి. మొదటి అంతస్తులో అరవై మంది దాకా కూర్చుంటారు, వెనకవైపు ప్యాకింగ్ సెక్షన్. మొత్తం మూడు యాక్సెస్ పాయింట్లు, మూడింట్లోనూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి ఉంది. పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా, చెరువుల దగ్గర్నుంచి లారీలొచ్చి కౌంట్లూ రేట్లూ ఎక్కించే టైములో, 2.4 గిగాహెర్ట్జ్ మీదున్న వాళ్లందరికీ బిల్లింగ్ పేజీ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. మధ్యాహ్నం తర్వాత అంత ఇబ్బంది ఉండదు. అదే టైములో కేబుల్ మీదున్న కంప్యూటర్లు మాత్రం చక్కగా నడుస్తాయి.

నిన్న 11 గంటలప్పుడు మధ్య హాల్లోని యాక్సెస్ పాయింట్లోకి వెళ్లి `iw dev wlan0 survey dump` కొట్టాను. నిమిషం ఆగి మళ్లీ కొట్టి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేశాను. మిగిలింది ఇదీ:

```
frequency:                 2437 MHz [in use]
channel active time:       60000 ms
channel busy time:         46800 ms
channel receive time:      33000 ms
channel BSS receive time:  6000 ms
channel transmit time:     8400 ms
```

అదే నిమిషానికి `iw dev wlan0 station dump` తేడాలు కూడా తీశాను. అకౌంట్స్ ల్యాప్‌టాప్‌కి tx packets 4200, tx retries 760. మేనేజర్ గారి ఫోనుకి 2100, 420. బిల్లింగ్ ల్యాప్‌టాప్‌కి 3000, 600. ప్యాకింగ్‌లో ఉన్న లేబుల్ ప్రింటర్‌కి 180, 310. సిగ్నల్ మొదటి ముగ్గురికీ -52 నుంచి -61 మధ్యలో ఉంది, ప్రింటర్‌కి -79.

నాకు అర్థం కానివి రెండండి. 180 ప్యాకెట్లకి 310 రీట్రైలంటే 172 శాతం అవుతోంది, నూరు దాటి ఎలా పోతుంది? రెండోది, ఛానెల్ 78 శాతం బిజీ అంటోంది, మా రేడియో పంపినది 14 శాతమే. మిగతాదంతా ఎవరు తింటున్నారు?

రాజోలు కుర్రోడు

అన్నా, ప్లాన్ ఎంత ఎంబీపీఎస్? అరవై మందికి 100 చాలదు. 78 శాతం వాడేశారంటే లైను నిండిపోయినట్టే కదా. 300 ప్లానుకి మారితే సరి. మా నెట్ సెంటర్లో అలాగే చేశాం.

భీమవరం శ్రీను

తమ్ముడూ, లైను సంగతి కాదు. కేబుల్ మీద అదే టైములో స్పీడ్ టెస్ట్ చేస్తే పూర్తిగా వస్తోంది. ఇది గాలిలో జరిగే తంతు.

తణుకు వెంకట్

శ్రీను గారూ, మీ అసలు జబ్బు ఆ -79. ప్రింటర్‌కి సిగ్నల్ చాలక పదేపదే పంపాల్సి వస్తోంది. యాక్సెస్ పాయింట్ పవర్ ఫుల్లుగా పెట్టేయండి, రీట్రైలు పడిపోతాయి, రీట్రైలు పడిపోతే బిజీ కూడా పడిపోతుంది. మా రైస్ మిల్లు ఆఫీసులో చేసింది అదే.

అమలాపురం సుబ్బరాజు

రీట్రై అనగానే నా గోల గుర్తొచ్చిందండీ, ఇక్కడే చెప్పేస్తాను. మాకు కొబ్బరి వ్యాపారం. ఆఫీసుకీ గోడౌనుకీ మధ్య 5 గిగాహెర్ట్జ్ బ్రిడ్జి పెట్టాం, మధ్యలో మా కొబ్బరితోటే. ఎండాకాలం బ్రహ్మాండంగా పనిచేసింది. వానలు మొదలయ్యాక, వాన పడుతున్నంతసేపూ, వెలిసిన తర్వాత గంటసేపూ రీట్రైలు రెట్టింపు. మన డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ కదా, మీ ఆఫీసులోనూ అదే అయ్యుంటుందని నా అనుమానం.

కాకినాడ లక్ష్మి

ఒక్కొక్కటిగా చూద్దాం. నేను ఆఫీసులకీ ఆసుపత్రులకీ వైఫై వేసే పనిలోనే ఉంటాను కాబట్టి ఈ తెరలు రోజూ చూసేవే.

ముందు 172 సంగతి. `tx packets` అన్నది ఒక్కో ఫ్రేమును ఒక్కసారే లెక్కపెడుతుంది, అది ఎన్నిసార్లు పంపాక చేరిందన్నదానితో దానికి పని లేదు. `tx retries` అన్నది మొదటిసారి కాకుండా అదనంగా చేసిన ప్రయత్నాలన్నీ కూడుతుంది. ఒక ఫ్రేము నాలుగోసారికి చేరితే ప్యాకెట్ల ఖాతాలో ఒకటి, రీట్రైల ఖాతాలో మూడు పడతాయి. కాబట్టి మొదటిదాంతో రెండోదాన్ని భాగిస్తే నూరు దాటడం వింతేమీ కాదు. నేనైతే మొత్తం ప్రయత్నాలతో భాగిస్తాను, అంటే రెండూ కలిపిన దానితో. మీ ప్రింటర్‌కి 490 ప్రయత్నాల్లో 310 రీట్రైలు, 63 శాతం. అకౌంట్స్ ల్యాప్‌టాప్‌కి 4960లో 760, పదిహేను శాతం. ఫోనుకీ బిల్లింగ్‌కీ పదిహేడుకి కాస్త అటూఇటూ. ఏ లెక్కతో భాగించామో చెప్పకుండా శాతం చెబితే ఇద్దరి అంకెలు ఎప్పటికీ కలవవు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇంకో మాట. `tx failed` కూడా చూడండి. రీట్రై పడినా ఆ ఫ్రేము ఆలస్యంగా చేరి ఉండొచ్చు. ఫెయిల్డ్ అంటే రేడియో తన కోటా ప్రయత్నాలన్నీ అయిపోయి ఆ ఫ్రేమును వదిలేసింది. మనిషికి నొప్పి తెలిసేది రెండోదాంతో.

వెంకట్ గారూ, మీరన్నదాంట్లో సగం నిజం ఉంది. ప్రింటర్ దూరంగా ఉండటం వల్లే దాని రీట్రైలు అంతున్నాయి, సందేహం లేదు. కానీ స్టేషన్ డంప్‌లో కనిపించే ఆ -79, ప్రింటర్ మాట యాక్సెస్ పాయింట్‌కి ఎంత వినిపిస్తోందన్న లెక్క. మనం పవర్ పెంచితే మన అరుపు దానికి బాగా వినిపిస్తుంది, దాని గొంతు మాత్రం మారదు. ఫ్రేము అక్కడికి చేరినా, అందిందని అది చెప్పే ఎక్నాలెడ్జ్‌మెంట్ మనకి వినపడకపోతే మన ఖాతాలో రీట్రై పడిపోతుంది. పైగా ఫుల్ పవర్ పెడితే మూడు యాక్సెస్ పాయింట్లూ ఒకదానికొకటి ఇంకా గట్టిగా వినిపిస్తాయి. ఇప్పుడున్న బిజీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

సుబ్బరాజు గారూ, గదిలో తేమ 2.4నిగానీ 5నిగానీ కొలవదగినంతగా తినదండీ. మీ బ్రిడ్జిని తింటున్నవి తడిసిన కొబ్బరాకులు. ఆకు మీద నీరు ఆరేదాకా అలాగే ఉంటుంది, అందుకే వెలిశాక గంట పడుతోంది. స్తంభం ఎత్తు పెంచి ఆకుల పైనుంచి తీసుకెళ్లడమే దారి. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

శ్రీను గారూ, రెండో ప్రశ్న అసలైనది. దానికి ముందు మీరు మూడు సంగతులు చెప్పాలి. ఒక్కో యాక్సెస్ పాయింట్ మీద ఎన్ని ఎస్సెస్ఐడీలు నడుస్తున్నాయి, మిగతా రెండూ ఏ ఛానెల్లో ఉన్నాయి, `/etc/config/wireless`లో `legacy_rates` అన్న వరస ఉందా.

పాలకొల్లు హరి

లక్ష్మి గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది కంట్రోలర్ ఉన్న సిస్టమ్. డ్యాష్‌బోర్డులో రీట్రై 9 శాతం, యుటిలైజేషన్ 34 శాతం అని పచ్చరంగులో చూపిస్తుంది, జనమేమో తిడుతున్నారు. రీట్రై ఎంతుంటే బాగున్నట్టు లెక్క?

కాకినాడ లక్ష్మి

హరి గారూ, ఆ అంకె ఎన్ని నిమిషాల సగటో ముందు చూడండి. అయిదు నిమిషాల సగటులో ఇరవై సెకన్ల పాటు ఛానెల్ పూర్తిగా నిండిపోయిన సంగతి కనబడదు, మీవాళ్లు తిట్టేది ఆ ఇరవై సెకన్లకే. రెండోది, అది అందరి సగటు. శ్రీను గారి నలుగురినీ కలిపి చూడండి, 11,570 ప్రయత్నాల్లో 2090 రీట్రైలు, 18 శాతం. ఆ 18లో ప్రింటర్ 63 ఎక్కడైనా కనిపిస్తోందా? ప్రింటర్ ప్యాకెట్లు కొంచెమే కాబట్టి సగటులో కలిసిపోయింది.

ఎంతుంటే మంచిదన్నదానికి ఒకే గీత లేదు. సున్నా మాత్రం ఎప్పటికీ రాదు. ఇంకాస్త వేగంగా పంపితే చేరుతుందా అని రేడియో మధ్యమధ్యలో పరీక్షించుకుంటూ ఉంటుంది, ఆ పరీక్షలు తప్పినప్పుడల్లా రీట్రై పడుతుంది. అందుకే 2.4లో పది లోపుంటే నేను పట్టించుకోను. ఇరవై దాటితే కారణం వెతుకుతాను. వేరే కంపెనీ చిప్పు ఉన్న యాక్సెస్ పాయింట్‌తో పోల్చకండి. చాలా ఫ్రేములు కట్టకట్టి పంపేటప్పుడు ఒక్కో డ్రైవరు ఒక్కోలా లెక్కపెడుతుంది, కొన్నింట్లో ఈ అంకె సున్నా దగ్గరే ఉండిపోతుంది కూడా.

పాలకొల్లు హరి

మాకు ఎస్‌ఎస్‌హెచ్ ఇవ్వలేదండి. బయటినుంచి చూసే దారేమన్నా ఉందా?

కాకినాడ లక్ష్మి

మీ యాక్సెస్ పాయింట్ తన బీకన్లో లోడు చెప్పే రకమైతే ఉంది. లైనక్స్ ల్యాప్‌టాప్ నుంచి `iw dev wlan0 scan` కొడితే BSS Load కింద ఇలా కనిపిస్తుంది:

```
* station count: 23
* channel utilisation: 199/255
```

255కి 199 అంటే 78 శాతం. యాక్సెస్ పాయింట్ తన చెవితో విన్న బిజీ అది. కానీ ఆ బిజీ ఎవరిదన్నది ఇక్కడ తెలియదు, దానికి లోపలికి వెళ్లాల్సిందే.

భీమవరం శ్రీను

చూశానండి. ఎస్సెస్ఐడీలు నాలుగు: స్టాఫ్, గెస్ట్, ప్యాకింగ్, సీసీటీవీ. సీసీటీవీ మీద ఇప్పుడు ఒక్క కెమెరా కూడా లేదు, అన్నీ ఎప్పుడో కేబుల్ మీదకి మారిపోయాయి.

ఛానెల్ మూడింట్లోనూ `auto` అని ఉంది. కానీ ప్రస్తుతం మూడూ ఆరో ఛానెల్లోనే ఉన్నాయి! గతవారం ఇలా లేవని గట్టిగా చెప్పగలను, అప్పుడు ఒకటి 11లో ఉంది.

`legacy_rates` మూడింట్లోనూ '1' ఉంది. నాకంటే ముందు చూసినాయన, ఆ పాత లేబుల్ ప్రింటర్ కనెక్ట్ కావట్లేదని పెట్టారట. ఫెయిల్డ్ లెక్క కూడా తీశాను. ఆ నిమిషంలో ప్రింటర్‌కి 22, మిగతా ముగ్గురికీ సున్నా.

కాకినాడ లక్ష్మి

ఈ మధ్య కరెంటు పోయిందా మీకు?

భీమవరం శ్రీను

ఆయ్, పోకుండా ఎలా ఉంటుందండీ. సోమవారం పొద్దున పోయింది, జనరేటర్ అందుకునేలోపు మూడూ ఆగిపోయాయి. యూపీఎస్ సర్వర్ గదికే ఉంది.

కాకినాడ లక్ష్మి

అయితే మీ కథ దాదాపు దొరికినట్టే.

జనరేటర్ రాగానే మూడూ ఒకేసారి లేచాయి. లేచి ఏ ఛానెల్ ఖాళీగా ఉందా అని విన్నాయి. ఆ క్షణానికి ఒకదాని బీకన్ ఇంకోదానికి వినబడదు, ఎందుకంటే ఎవరూ ఇంకా మొదలెట్టలేదు. మూడింటికీ ఒకే సమాధానం దొరికింది, మూడూ ఆరులో కూర్చున్నాయి. ఆ తర్వాత వాటంతట అవి లేవవు. కరెంటు కోతలున్న ఊళ్లలో `auto` పెట్టిన చోట నేను తరచూ చూసేది ఇదే. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి, రీబూట్ అయితే ఈ లెక్కలన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. రెండు రీడింగుల మధ్య కరెంటు పోతే తీసివేతలో మైనస్ వస్తుంది. ఫోను ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి వెళ్లి వచ్చినా దాని ఒక్కదాని లెక్క సున్నా అవుతుంది. అందుకే నిమిషం గడువే మంచిది, గంట గడువు పెట్టకండి.

ఇక 78ని విడదీద్దాం. 46,800లోంచి పంపినది 8400, విన్నది 33,000 తీసేస్తే 5400 మిగులుతుంది. నిమిషంలో 9 శాతం. ఇది ఏదో శక్తి ఉందని తెలిసి, వైఫై ఫ్రేముగా చదవలేకపోయిన సమయం. విన్న 55 శాతంలో మన వాళ్లు మనకి పంపినది BSS receive, 6000 అంటే 10 శాతం. మిగతా 45 శాతం కూడా వైఫైయే, చక్కగా చదవగలిగిందే, కానీ మనది కాదు. ఈ BSS వరస అన్ని చిప్పులూ ఇవ్వవు, మీకు వచ్చింది కాబట్టి పని సులువైంది.

ఇప్పుడు బీకన్లు. ఒక్కో ఎస్సెస్ఐడీకి 102.4 మిల్లీసెకన్లకి ఒకసారి బీకన్ వెళ్తుంది. అది 300 బైట్లు అనుకుందాం, 2400 బిట్లు. `legacy_rates` '1' కాబట్టి మీవి 1 ఎంబీపీఎస్‌లో వెళ్తున్నాయి. అంటే 2.4 మిల్లీసెకన్లు, ముందు వచ్చే ప్రియాంబుల్ కలిపితే 2.6. 102.4లో 2.6 అంటే రెండున్నర శాతం. నాలుగు ఎస్సెస్ఐడీలకి పది శాతం. మూడు యాక్సెస్ పాయింట్లకి ముప్పై శాతం, ఒకే ఛానెల్లో, ఒక్క మనిషి కూడా ఏ పనీ చేయకముందే!

అంటే మీ రేడియో పంపిన 14 శాతంలో 10 బీకన్లే. డేటా 4. ఆ 45 శాతంలోనూ 20 మీ మిగతా రెండు యాక్సెస్ పాయింట్ల బీకన్లు. మిగిలిన 25లో ఆ రెండింటి డేటా కొంత, చుట్టుపక్కల వాళ్లది కొంత. అది ఎంతెంతో ఈ తెర చెప్పదు.

ఆ 4 శాతం డేటాలోనూ ప్రింటర్ వాటా చూడండి. 490 ప్రయత్నాలు, ఒక్కోటి 200 బైట్లు, 1 ఎంబీపీఎస్ మీద అనుకుంటే ఒక్కోదానికి 1.8 మిల్లీసెకన్లు. మొత్తం 0.9 సెకను. మీ డేటా మొత్తం కలిపి నిమిషంలో 2.4 సెకన్లు. ప్రయత్నాల్లో నూటికి నాలుగున్న ప్రింటర్ సమయంలో మూడోవంతు పైగా తీసుకుంది. నరసాపురం రేవులో పంటు దిగేవాళ్లు పదిమందే అయినా, అది కట్టి ఉన్నంతసేపూ ఇంకో పంటు రేవుకి ఆనలేదు కదా, ఎయిర్‌టైమ్ లెక్క కూడా అలాంటిదే. రీట్రై తలల్ని లెక్కపెడుతుంది, యుటిలైజేషన్ సమయాన్ని. రెండూ పక్కపక్కన పెట్టకపోతే ప్రింటర్ ఎప్పటికీ దొరకదు.

మిగతా ముగ్గురి రీట్రైలకి కారణం వేరు. సిగ్నల్ మంచిగా ఉండి, ముగ్గురికీ ఇంచుమించు ఒకే శాతం ఉందంటే అది దూరం జబ్బు కాదు. ఛానెల్ నిండిపోయి ఇద్దరు ఒకేసారి మొదలెట్టడం వల్ల వచ్చే ఢీ. ఒక్కడికే ఎక్కువుంటే ఆ ఒక్కడి దగ్గర చూడాలి, అందరికీ సమానంగా ఉంటే ఛానెల్ దగ్గర చూడాలి.

తణుకు వెంకట్

లక్ష్మి గారూ, పవర్ విషయం ఒప్పుకుంటాను. కానీ ఆ చదవలేకపోయిన 9 శాతం మైక్రోవేవ్ ఓవెనే. ప్యాంట్రీలో ఉండే ఉంటుంది.

కాకినాడ లక్ష్మి

ఉండొచ్చు, కానీ రీడింగ్ 11 గంటలది, ఎవరూ అన్నం వేడి చేసుకోరు. ఓవెన్ అయితే ఇంకో గుర్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అది దాదాపు పది మిల్లీసెకన్లు వెలిగి పది ఆగుతుంది, పక్కన అది నడుస్తున్నంతసేపూ ఈ అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఆపగానే దిగిపోతుంది. శ్రీను గారు ఒంటిగంటకి ఒక రీడింగ్ తీస్తే తేలిపోతుంది. నా అనుమానం మాత్రం ఎవరో 1, 6, 11 కాకుండా మధ్య ఛానెల్లో కూర్చున్నారని. వాళ్ల ఫ్రేములు మనకి సగం సగం పడతాయి, శక్తి తెలుస్తుంది, మాట అర్థం కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వైఫై కాని శబ్దం -62 కంటే గట్టిగా ఉంటేనే రేడియో దాన్ని బిజీగా పరిగణిస్తుంది. అంతకంటే చిన్నదైతే బిజీ ఖాతాలో పడదు, కానీ దూరంగా ఉన్న క్లయింట్ ఫ్రేమును మాత్రం చెడగొడుతుంది. బిజీ తక్కువగా ఉండి రీట్రై ఎక్కువుంటే ముందు దాన్నే అనుమానించాలి.

శ్రీను గారూ, ఇవి చేయండి. ఛానెళ్లు 1, 6, 11 చేత్తో పెట్టేయండి. సీసీటీవీ ఎస్సెస్ఐడీ తీసేయండి, ప్యాకింగ్‌ని స్టాఫ్‌లో కలపగలిగితే కలపండి. ప్రింటర్‌కి కేబుల్ లాగించండి. అది అయ్యాకే ఇది:

```
uci set wireless.radio0.legacy_rates='0'
uci commit wireless
wifi reload
```

అప్పుడు బీకన్ 6 ఎంబీపీఎస్‌లో వెళ్తుంది, ఒక్కోటి 0.4 శాతం. radio0 అన్నది 2.4 రేడియోయేనా అని ముందు చూసుకోండి. ప్రింటర్ కేబుల్ మీదకి రాకముందు ఇది చేస్తే ప్యాకింగ్ వాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

రాజోలు కుర్రోడు

అక్కా, ఇంత తిప్పలెందుకు, అందరినీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేస్తే పోలా?

కాకినాడ లక్ష్మి

మార్చగలిగిన వాళ్లందరినీ మార్చాలి, నిజమే. కానీ ఎగుమతి ఆఫీసులో హాజరు మెషీన్లు, చేతి స్కానర్లు, చవక ఫోన్లు చాలావరకు 2.4వే. వాటికి ఈ ఛానెలే దిక్కు.

భీమవరం శ్రీను

కొంచెం ఆలస్యమైంది, ప్రింటర్ దగ్గరికి కేబుల్ లాగే మనిషి దొరక్క. లక్ష్మి గారు చెప్పినవన్నీ చేశాను. ఎస్సెస్ఐడీలు రెండే ఉంచాను. మళ్లీ అదే యాక్సెస్ పాయింట్, అదే ఆరో ఛానెల్, 11 దాటాక ఒక నిమిషం:

```
channel active time:       60000 ms
channel busy time:         24600 ms
channel receive time:      13200 ms
channel BSS receive time:  7800 ms
channel transmit time:     7200 ms
```

బిజీ 41కి దిగింది. బిల్లింగ్ పేజీ తిరగడం లేదు, అకౌంట్స్ వాళ్లే వచ్చి చెప్పారు. స్కాన్‌లో కింద మొబైల్ షాపు రౌటర్ ఎనిమిదో ఛానెల్లో దొరికింది. ఆయన్ని అడిగితే 11కి మార్చుకున్నారు, మంచి మనిషి. ఒంటిగంటప్పుడు ఓవెన్ నడుస్తుండగా కూడా తీశాను. చదవలేని భాగం 7 నుంచి 16కి వెళ్లింది, ఓవెన్ ఆపగానే మళ్లీ 7. వెంకట్ గారి మాట ఆ టైముకి నిజమే అయింది.

కానీ రెండు డౌట్లు. మా వాటా చూస్తే ముందు 14, 10 కలిపి 24, ఇప్పుడు 12, 13 కలిపి 25. అంటే మా వాడకం తగ్గలేదు కదా, మరి మేలు ఎలా జరిగింది? రీట్రై కూడా ప్రింటర్ లేకుండా ముగ్గురికీ ముందు 16, ఇప్పుడు 11. ఇంకా తగ్గుతుందనుకున్నాను.

కాకినాడ లక్ష్మి

వాటా అంతే, లోపలి సరుకు మారింది. ముందు పంపిన 14లో బీకన్లు 10, డేటా 4. ఇప్పుడు 12లో బీకన్లు ఒక శాతం కూడా లేవు, డేటా 11 దాకా ఉంది. అదే గాలిలో దాదాపు మూడింతల పని జరుగుతోంది. మీ జనం ముందు కూడా ఇంతే పంపాలనుకున్నారు, చోటు దొరక్క క్యూలో నిలబడ్డారు. అందుకే యుటిలైజేషన్ తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకోవద్దంటాను. దాన్ని దేనితో నింపుతున్నామన్నది చూడాలి.

11 దగ్గర ఆపేయండి. ఫెయిల్డ్ సున్నా ఉన్నంతకాలం దాని వెంటపడి లాభం లేదు.

మొబైల్ షాపాయన 11కి మారాడన్నారు. 11లో ఉన్న మీ యాక్సెస్ పాయింట్ ఏది?

భీమవరం శ్రీను

ప్యాకింగ్ వైపుదండి. ఇప్పుడు అక్కడే చిక్కొచ్చింది. దాని బిజీ 20 శాతమే, చదవలేనిది 2 కూడా లేదు, కానీ చేతి స్కానర్లకి రీట్రై 24 నుంచి 30. సిగ్నల్ -60 దగ్గర్లో బాగానే ఉంది.

తణుకు వెంకట్

ఆ షాపాయన్ని 1కి పంపండి.

భీమవరం శ్రీను

అడిగి 1కి మార్పించి చూశానండి. బిజీ 17కి దిగింది, రీట్రై కదల్లేదు.

అమలాపురం సుబ్బరాజు

ప్యాకింగ్‌లో కోల్డ్ రూమ్ ఉందా? మా గోడౌన్లో ఇన్సులేటెడ్ ప్యానెల్ గోడలున్నాయి, రెండువైపులా రేకే. అటువైపు ఫోన్ పట్టుకెళ్తే సిగ్నల్ సగం పోతుంది.

కాకినాడ లక్ష్మి

సుబ్బరాజు గారు మంచి ప్రశ్న వేశారు. యాక్సెస్ పాయింట్ ఆ గోడ చివర, రెండువైపులూ కనిపించేలా ఉంటే దానికి అందరూ బాగా వినిపిస్తారు, కానీ అటువైపు స్కానర్‌కి ఇటువైపు స్కానర్ వినబడదు. ఇద్దరూ ఛానెల్ ఖాళీ అనుకుని ఒకేసారి మాట్లాడతారు. బిజీ తక్కువ, సిగ్నల్ మంచిది, రీట్రై ఎక్కువ. మూడూ కలిసిన చోట నేను ముందు దీన్నే చూస్తాను. లేదంటే ఇందాక అన్నట్టు, బిజీ ఖాతాకి ఎక్కని చిన్న శబ్దమేదో ఆ గదిలో ఉంది.

ఇక్కడ మీ డంప్‌కి ఒక హద్దుంది. `tx retries` యాక్సెస్ పాయింట్ పంపినవాటి గురించే. స్కానర్లు పైకి పంపేటప్పుడు ఎన్నిసార్లు ఢీకొన్నాయో అందులో లేదు. దానికి ఒక ల్యాప్‌టాప్‌ని మానిటర్ మోడ్‌లో 11వ ఛానెల్ మీద పెట్టి, పట్టిన ఫ్రేముల్ని వైర్‌షార్క్‌లో `wlan.fc.retry == 1` అని వడగట్టి, ఎవరు పంపినవో చూడాలి. ల్యాప్‌టాప్‌ని గోడకి ఒకవైపే పెట్టకండి, యాక్సెస్ పాయింట్ కిందే పెట్టండి. లేకపోతే మీకూ సగమే వినిపిస్తుంది.

భీమవరం శ్రీను

కోల్డ్ రూమ్ ఉందండి, యాక్సెస్ పాయింట్ సరిగ్గా దాని మూల మీదే ఉంది. స్కానర్లు అటు మూడు, ఇటు నాలుగు. క్యాప్చర్ చేసే ముందు యాక్సెస్ పాయింట్లో `iw phy phy0 set rts 500` పెట్టి చూశాను. స్కానర్ల రీట్రై 24 నుంచి 21కి వచ్చింది, అంతే.

కాకినాడ లక్ష్మి

అది మీ యాక్సెస్ పాయింట్ పంపే ఫ్రేములకే వర్తిస్తుంది. ముందు అడిగి పంపాల్సింది స్కానర్లు, వాటిలో ఆ సెట్టింగ్ ఉంటుందో లేదో కంపెనీ మెనూలో చూడాలి. పైగా స్కానర్ ఫ్రేములు చిన్నవి, చాలావరకు 500 బైట్లు దాటవు. ఈ అంకెని బట్టి అటో ఇటో నేను తేల్చలేను.

పాలకొల్లు హరి

యాక్సెస్ పాయింట్‌ని ఆ మూల నుంచి తీసి ఒకవైపుకి జరిపి, రెండోవైపుకి ఇంకోటి వేరే ఛానెల్లో పెట్టేస్తే?

కాకినాడ లక్ష్మి

అది పనిచేసే అవకాశం బాగానే ఉంది, కానీ ఇంకోటి కొనకముందు క్యాప్చర్ చూద్దాం. కారణం గోడ కాకుండా శబ్దమైతే రెండు పెట్టినా అదే రీట్రై వస్తుంది. శ్రీను గారూ, లారీలొచ్చే టైములో పదినిమిషాల క్యాప్చర్ పెట్టండి, రెండువైపుల స్కానర్ల మ్యాక్ అడ్రసులు వేర్వేరుగా రాసుకోండి. అటువైపు మూడూ మాట్లాడుతున్నప్పుడే ఇటువైపు వాటికి రీట్రై బిట్ పెరుగుతుందా, లేక ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అంతేనా, అది చూడాలి.

భీమవరం శ్రీను

మానిటర్ మోడ్‌కి పనికొచ్చే యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి విజయవాడ నుంచి తెప్పిస్తున్నానండి. రాగానే పెట్టి, ఫైల్లో మ్యాక్‌లు చెరిపేసి ఇక్కడే ఎక్కిస్తాను.